అడుగు నేల తాకే ఫ్రేమ్: కోలాటం క్లిప్‌ను తాళానికి కట్ చేయడం

తిరుచానూరు కార్తీక బ్రహ్మోత్సవాలకు ముందు మా చిన్నమ్మ వాళ్ల కోలాటం బృందం కొర్లగుంటలో ఒక ఖాళీ స్థలంలో సాయంత్రాలు సాధన చేసేది. 16 మంది ఆడవాళ్లు, ఒక స్పీకరు, మృదంగంతో రికార్డయిన ఒక సంకీర్తన. "వాట్సాప్‌లో పెట్టుకునేదానికి ముప్పావు నిమిషం వీడియో చేసియ్యప్పా" అంది చిన్నమ్మ. అదే పాటకు మూడుసార్లు ఆడించి మూడుసార్లు తీశాను. మొదటిది ఎదురు మేడ మీది నుంచి వలయం మొత్తం కనిపించేలా, రెండోది నేల మీద నాలుగైదు మీటర్ల దూరం నుంచి, మూడోది కాళ్లూ కోలలూ మాత్రమే.

ఆ రాత్రే కూర్చుని పాటలో బీట్ వినిపించిన ప్రతిచోటా మార్కర్ పెట్టి, ప్రతి మార్కర్ మీదా కట్ వేశాను. లెక్క ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. ప్లే చేస్తే మాత్రం కోలాటంలా లేదు, ఎక్కిళ్లు వచ్చినట్టుంది. వాళ్ల మాస్టారు ఒక్కసారి చూసి, "అడుగులు యాడ పడినాయి నాయనా? కోపు ఒకటీ కనపడలా" అన్నారు. కోపు అంటే కోలాటంలో ఒక అల్లిక. తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు ఇంకో రెండు రాత్రులు పట్టింది.

ఊళ్లు తిరిగిన వీడియోలో కొండ, టీ గ్లాసు, బస్సు కిటికీ ఏ క్రమంలో పెట్టినా బీట్‌కు మారితే చాలు, బాగుంటుంది. ఆ బొమ్మల్లో తాళం లేదు కాబట్టి పాట తాళమే వాటికి దిక్కు. నాట్యం క్లిప్‌కు ఆ వెసులుబాటు లేదు. అక్కడ పాటలో ఒక దెబ్బ ఉంది, బొమ్మలో అడుగు వేసే దెబ్బ ఇంకొకటి ఉంది. కట్ అనేది ఎడిటర్ వేసే మూడో దెబ్బ. మొదటి రెండూ కలవకుండా మూడోదాన్ని ఎంత కచ్చితంగా పెట్టినా ప్రయోజనం లేదు. అవి కలిశాక కూడా మూడోది సరిగ్గా వాటి మీదే పడితే అడుగును మింగేస్తుంది. నా మొదటి వీడియోలో ఈ రెండు తప్పులూ ఉన్నాయి.

ముందు పాటకు బిగించాలి

పాట అసలు ఫైలును టైమ్‌లైన్ మీద ఒక ఆడియో ట్రాక్‌లో పెట్టి ఆ ట్రాక్‌ను లాక్ చేశాను. మూడు టేకులనూ ఒకదాని మీద ఒకటిగా మూడు వీడియో ట్రాక్‌లలో పేర్చాను. ప్రతి టేకులోనూ ఫోను మైకు పట్టిన స్పీకరు మోత ఉంటుంది. దాని వేవ్‌ఫామ్‌ను అసలు పాట వేవ్‌ఫామ్‌తో కలపాలి. కలిశాక ఇక క్లిప్‌ను పక్కకు జరపకూడదు. పై ట్రాక్‌లో అక్కర్లేని ముక్క తీసేస్తే కిందిది కనిపిస్తుంది, అంచును లాగితే కట్ ముందుకో వెనక్కో పోతుంది. లోపలి బొమ్మ మాత్రం పాటలో తన చోటు వదలదు.

డావిన్సీ రిజాల్వ్‌లో ఇక్కడ ఒక గుంత ఉంది. ముక్కను ఎంచుకుని Backspace నొక్కితే అక్కడ ఖాళీ మిగులుతుంది, Delete నొక్కితే వెనక ఉన్నవన్నీ ముందుకు జరిగి ఖాళీని పూడ్చేస్తాయి. ప్రీమియర్ ప్రోలో అలవాటైన చేతికి Delete అంటే ఖాళీ వదిలేదే. నేను రెండింటి మధ్యా తిరిగేవాణ్ని, ఒక్క Delete తో మూడో టేకు మొత్తం పాట నుంచి ఊడిపోయింది. అరగంట తరవాత గానీ గమనించలేదు.

టేకు పాటకు బిగిసిందో లేదో చూడటానికి కోలాటం కంటే మంచి నాట్యం లేదు. సినిమా వాళ్ల క్లాప్‌బోర్డు చేసే పని ఇక్కడ కోలలు ప్రతి అక్షరానికీ, అంటే తాళంలో ఒక్కో లెక్కకూ చేస్తుంటాయి. పాటలో గట్టి దెబ్బ దగ్గరకు వెళ్లి ఒక్కో ఫ్రేమే జరుపుతూ చూడాలి. ఒక ఫ్రేములో కోలలు విడిగా ఉంటాయి, తరవాతి దాంట్లో తగిలి మసకగా కనిపిస్తాయి, ఆ తరవాత మళ్లీ విడిపోతాయి. ఆ మసక ఫ్రేమూ వేవ్‌ఫామ్‌లో నిటారుగా లేచిన గీతా ఒకే చోట ఉండాలి.

మేడ మీది టేకులో ఉండలేదు. వేవ్‌ఫామ్‌లు వెంట్రుక వాసి తేడా లేకుండా కలిశాయి, కోలలు మాత్రం పాట కంటే ముందే తగులుతున్నాయి. కారణం దూరం. స్పీకరు ఆడేవాళ్ల పక్కనే ఉంది, ఫోను వాళ్లకు 30 మీటర్ల దూరంలో ఉంది. శబ్దం సెకనుకు 340 మీటర్ల చొప్పున వస్తుంది కాబట్టి ఆ దూరానికి సెకనులో పదకొండో వంతు పట్టింది, అంటే 30 ఫ్రేముల వీడియోలో దాదాపు 3 ఫ్రేములు. ఫోను బొమ్మను అప్పుడే పట్టింది, శబ్దాన్ని ఆలస్యంగా పట్టింది. నేను శబ్దాన్ని బట్టి కలిపాను గనక బొమ్మ ముందుకు పోయింది. ఆ టేకును 3 ఫ్రేములు వెనక్కి, అంటే టైమ్‌లైన్ మీద కుడివైపుకు జరిపితే సరిపోయింది. స్పీకరు నా పక్కన ఉండి ఆడేవాళ్లు దూరంగా ఉండుంటే కథ తిరగబడేది. పాట వాళ్లకే ఆలస్యంగా వినిపించేది, కోలలు పాట కంటే వెనక పడేవి.

ఇలా క్లిప్ అంతటా ఒకే లెక్కన తేడా ఉంటే ఒక్కసారి జరిపితే తీరిపోతుంది. మొదట్లో కలిసి చివరికొచ్చేసరికి తప్పుతుంటే జబ్బు వేరు. ఫోన్లు చాలావరకు సెకనుకు సరిగ్గా 30 ఫ్రేములు తీయవు. వెలుగు తగ్గినా ఫోను వేడెక్కినా ఆ వేగం కాస్త అటూ ఇటూ పోతుంటుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు అన్ని ఫ్రేముల మధ్యా సమాన దూరం ఉందని అనుకుని తప్పులో పడతాయి. సాయంత్రం చీకటి పడుతుండగా తీసిన నా మూడో టేకు అలాగే జారింది. టైమ్‌లైన్‌లోకి తెచ్చేముందే వేగాన్ని స్థిరం చేసుకుంటే ఆ బాధ ఉండదు:

```
ffmpeg -i take3.mp4 -vf fps=30 -c:v libx264 -crf 18 -c:a aac -ar 48000 take3_cfr.mp4
```

మార్కర్లు: చేత్తో కొట్టాలా, లెక్కేయాలా?

ఫోన్ యాప్‌లలో ఆటో బీట్ అని ఒక బటన్ ఉంటుంది. డ్రమ్ మిషన్ మీద చేసిన సినిమా పాటకు అది బాగానే పనిచేస్తుంది. ఇలాంటివి ప్రధానంగా చూసేది శబ్దం హఠాత్తుగా ఎక్కడ పెరిగిందనే. మృదంగం వేళ్లు పరుగెత్తే చోట అక్షరానికి నాలుగుసార్లు పెరుగుతుంది, గాయని ఒక మాటను సాగదీసిన చోట అసలు పెరగదు. మా సంకీర్తన మీద అది కొన్నిచోట్ల పొలంలో నారు నాటినట్టు గుర్తులు పెట్టింది, కొన్నిచోట్ల మూడు అక్షరాల పాటు ఏమీ పెట్టలేదు. పెట్టినవాటిలో తాళం చుట్టు మొదలయ్యే దెబ్బ, అంటే సమం ఏదో, మామూలు అక్షరం ఏదో దానికి తెలియదు. కోలాటానికి కావలసింది అదే.

లెక్కేయడం ఇంకో దారి. పాట ఆది తాళం, దాంట్లో 8 అక్షరాల చుట్టు ఒక ఆవర్తనం. మొదటి రెండు ఆవర్తనాలు కొలిస్తే నిమిషానికి 96 అక్షరాలు వచ్చాయి. ఒక్కో అక్షరానికి 0.625 సెకను, 30 ఫ్రేముల టైమ్‌లైన్ మీద 18.75 ఫ్రేములు. ముక్కాలు ఫ్రేము మీద మార్కర్ పెట్టలేం కదా అని ప్రతి అక్షరానికీ 19 వేసుకుంటూ పోతే 16 అక్షరాలకు 4 ఫ్రేములు తప్పుతుంది. ఆవర్తనం లెక్కన పోతే ఆ చిక్కు లేదు. 8 అక్షరాలకు సరిగ్గా 150 ఫ్రేములు.

అయితే రికార్డింగులో తాళం మొదటి నుంచి చివరిదాకా అదే వేగంతో నడిచిందో లేదో ముందు చూసుకోవాలి. నా టైమ్‌లైన్ మీద మొదటి సమం 12వ ఫ్రేములో ఉంది. లెక్క ప్రకారం ఎనిమిది ఆవర్తనాల తరవాత వచ్చే సమం 1212వ ఫ్రేములో పడాలి. వేవ్‌ఫామ్‌లో అది 1203 దగ్గరే వచ్చేసింది. చరణంలోకి వచ్చేసరికి మృదంగం ఆయనకు ఊపొచ్చింది, 40 సెకన్లలో 9 ఫ్రేములు మిగిల్చాడు. 9 ఫ్రేములంటే అర అక్షరం, కట్ సరిగ్గా రెండు దెబ్బల నడుమ పడుతుంది. ఒకే వేగంతో మోగే క్లిక్ చెవిలో పెట్టుకుని రికార్డు చేసిన పాటకే లెక్క నిలుస్తుంది. మనుషులు ఎదురెదురుగా కూర్చుని వాయించిన పాటకు చేత్తోనే గుర్తులు పెట్టాలి.

చేత్తో పెట్టడమంటే, పాట క్లిప్‌ను ఎంచుకుని ప్లే చేస్తూ దెబ్బ దెబ్బకూ M నొక్కడమే. రిజాల్వ్‌లోనూ ప్రీమియర్‌లోనూ అదే మీట. క్లిప్‌ను ఎంచుకోకుండా నొక్కితే మార్కర్ టైమ్‌లైన్‌కు అంటుకుంటుంది, తరవాత పాటను జరిపితే గుర్తులు దానితో రావు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ తీసి పక్కన పెట్టండి. శబ్దం దాంట్లోకి చేరడానికే సెకనులో పదో వంతో, ఇంకా ఎక్కువో పడుతుంది. వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా మన వేలు దెబ్బ మీద పడదు. తాళం తెలిసినవాళ్లు తెలియకుండానే ఒకటి రెండు ఫ్రేములు ముందే కొడతారు, తెలియనివాళ్లు విన్నాక కొడతారు. కాబట్టి కొట్టినవి చిత్తుప్రతి మాత్రమే. తరవాత జూమ్ చేసి ఒక్కొక్క గుర్తునూ వేవ్‌ఫామ్ లేచిన చోటికి జరుపుకోవాలి.

72 అక్షరాలకూ ఈ పని చేయనక్కర్లేదు. ఆది తాళంలో నాలుగు అక్షరాల లఘువు ఒకటి, రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు. అంటే చేతి దెబ్బ 1, 5, 7 అక్షరాల మీద పడుతుంది. ఆ మూడే గుర్తు పెట్టాను, సమానికి ఎరుపు, మిగతా రెండింటికి నీలం. 9 ఆవర్తనాలకు 27 మార్కర్లు. రంగు వేరుగా ఉండటం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కట్ ఎక్కడ వేయాలో వెతికేటప్పుడు కన్ను ముందు ఎరుపు మీదికే పోతుంది, పోవాలి కూడా.

ఈ దశలోనే చాలామంది పడే పొరపాటు ఒకటుంది, నేనూ పడ్డాను. పాట మొదటి మాట వినిపించిన చోటే మొదటి బీట్ అనుకోవడం. మన సంగీతంలో తాళం పడ్డాక అర అక్షరమో, ఒకటిన్నర అక్షరమో ఆగి పాట ఎత్తుకోవడం మామూలే. అనాగత గ్రహం అంటారు. మా పాటలో పల్లవి సమం తరవాత అర అక్షరానికి మొదలవుతుంది. గొంతును పట్టుకుని గుర్తులు పెడితే 27 గుర్తులూ 9 ఫ్రేములు ఆలస్యంగా పడతాయి. చెవికి అవి తప్పని కూడా అనిపించదు, ఎందుకంటే ప్రతిదీ ఏదో ఒక మాట మీదే ఉంటుంది. పట్టుకునే ఉపాయం ఒకటే, బొమ్మ చూడటం. ఆడేవాళ్లు గొంతుకు ఆడరు, తాళానికి ఆడతారు. కోలలు తగిలే ఫ్రేము ఎక్కడుంటే దెబ్బ అక్కడుంది.

కట్ దెబ్బ మీద పడితే ఏమవుతుంది

ఇంతా చేశాక కూడా ఎక్కిళ్లు పోలేదు. మాస్టారు అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది.

నాలుగో ఆవర్తనం తీసుకోండి. మేడ మీది టేకులో వలయం తిరుగుతోంది. 5వ అక్షరం దగ్గర కాళ్ల టేకుకు మారాలి, అక్కడ అందరూ కుడికాలు ఎత్తి గట్టిగా వేస్తారు. కట్‌ను సరిగ్గా నీలం మార్కర్ మీద పెట్టాను. కొత్త షాటు మొదటి ఫ్రేములోనే పాదం నేల మీద ఉంది. కాలు లేవడం, దిగడం రెండూ దూరం నుంచి తీసిన షాటులో చిన్నగా పోయాయి. దగ్గరి షాటులో మిగిలింది పడిపోయిన కాలు. చెవికి దెబ్బ వినిపించింది, కంటికి దెబ్బ కనిపించలేదు.

కట్‌ను 2 ఫ్రేములు ముందుకు తెచ్చి చూశాను. చాలామంది ఎడిటర్లు చెప్పే చిట్కా అదే. కొత్త బొమ్మ వచ్చాక కన్ను కుదురుకోవడానికి కొంచెం సమయం కావాలి గనక దెబ్బకు ఒకటి రెండు ఫ్రేముల ముందు మార్చమంటారు. మాటలు చెప్పే మొహానికో, కదలని బొమ్మకో అది సరిపోతుంది. ఇక్కడ ఆ రెండు ఫ్రేముల్లో పాదం నేలకు బెత్తెడు ఎత్తులో మసకగా కనిపించి దిగిపోయింది. ఎవరో తోసినట్టుంది.

చివరికి 9 ఫ్రేములు, అర అక్షరం ముందుకు తెచ్చాను. ఇప్పుడు కొత్త షాటు మొదలయ్యేసరికి కాలు గాలిలో బాగా పైన ఉంది. కన్ను దాన్ని పట్టుకుంది, దానితోపాటు దిగింది, నీలం మార్కర్ మీద పాదం, మృదంగం కలిసి పడ్డాయి. చూసినవాళ్లంతా కట్ దెబ్బ మీదే పడిందన్నారు. నిజానికి దెబ్బ మీద పడింది పాదం. కట్ అర అక్షరం ముందే అయిపోయింది, దాన్ని ఎవరూ చూడలేదు.

అలాగని అన్నిచోట్లా 9 అనేది లెక్క కాదు. ఎంత ముందు అనేది కదలిక ఎంత దూరం ప్రయాణిస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. కోలలు దగ్గర దగ్గరగా ఆడిస్తూ తగిలించే చోట 4 ఫ్రేములు చాలాయి. గుండ్రంగా తిరిగి జతను మార్చుకునే చోట ఒక అక్షరం మొత్తం ముందు కట్ చేయాల్సి వచ్చింది, లేకపోతే ఎవరు ఎవరి దగ్గరికి పోయారో అర్థం కాదు. కాబట్టి మార్కర్ కట్ ఎక్కడ పెట్టాలో చెప్పదు. దెబ్బ ఎక్కడ పడుతుందో చెబుతుంది, అంతే. దాని నుంచి వెనక్కి, కదలిక మొదలయ్యే చోటుదాకా నడిచి అక్కడ కట్ చేయాలి. టేకులన్నీ ముందే పాటకు బిగించి ఉన్నాయి గనక ఎంత వెనక్కి లాగినా దూరపు షాటులో సగం లేచిన కాలు దగ్గరి షాటులో మిగతా సగం లేస్తుంది. బిగించకుండా ముక్కలు అతికించినవాళ్లకు ఈ స్వేచ్ఛ ఉండదు, కట్ కదిపిన ప్రతిసారీ అడుగు కదులుతుంది.

వెనక్కి కాకుండా దెబ్బ దాటాక కట్ చేస్తే? అదీ పనికొస్తుంది, పాదం పడి నిలిచాక మారితే కంటికి ఇబ్బంది లేదు. చెడేది దెబ్బకు ఒకటి రెండు ఫ్రేముల తరవాత మారితేనే. అప్పుడు ఎడిటర్‌కు తాళం తప్పినట్టు ఉంటుంది.

బొమ్మ ముందు వచ్చి శబ్దం తరవాత వస్తే మనం ఓర్చుకుంటాం, శబ్దం ముందొస్తే ఓర్చుకోం. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చేసిన సిఫారసులో ఇది అంకెల్లో ఉంది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా పసిగడతారు, వెనకొస్తే మాత్రం 125 దాకా గమనించరు. 30 ఫ్రేముల లెక్కన మొదటిది ఒక ఫ్రేము పైచిలుకు, రెండోది దాదాపు నాలుగు ఫ్రేములు. గంగమ్మ జాతరలో వీధి చివర పలకలు కొట్టేవాళ్లను చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పుల్ల పలక మీద పడటం ముందు కనిపిస్తుంది, మోత తరవాత వస్తుంది, అది మనకు వింతగా అనిపించదు. మోత ముందొచ్చి పుల్ల తరవాత పడటం లోకంలో ఎక్కడా జరగదు. కాబట్టి ఒక టేకు అర ఫ్రేము అటా ఇటా అని తేలకపోతే నేను బొమ్మనే ముందుంచుతాను.

ఎన్ని కట్‌లు

నా మొదటి వీడియోలో ముప్పైకి పైగా ఉన్నాయి. మాస్టారు కోపు కనపడలేదన్నది దీని గురించి కూడా. కోపు అంటే కోలాటంలో ఒక అల్లిక. లోపలి వలయం ఒకవైపు, బయటి వలయం ఇంకోవైపు తిరిగి జతలు మారి మళ్లీ మొదటికి వచ్చేదాకా ఒక కోపు. అది పూర్తవడానికి మా పాటలో రెండు ఆవర్తనాలు, 10 సెకన్లు పడుతుంది. మధ్యలో నాలుగుసార్లు షాటు మారిస్తే చూసేవాళ్లకు మిగిలేది చేతులూ చీర కుచ్చిళ్లూ మాత్రమే.

రెండో వీడియోలో 11 కట్‌లే ఉంచాను. కోపు మొదలయ్యేటప్పుడు దూరపు షాటు, అల్లిక అర్థమయ్యాక ద్రుతం దగ్గర కాళ్లో కోలలో, కోపు ముగిసే సమానికి మళ్లీ దూరం. చివరి ఆవర్తనంలో వేగం అందుకున్నప్పుడు మాత్రం 1, 5, 7 మూడింటికీ మార్చాను. అంతకుముందు ఓపిగ్గా ఉండబట్టే అక్కడ ఆ మూడూ పేలాయి. ఆఖరి దెబ్బ తరవాత కట్ లేదు. కోలలు పైకెత్తి నిలబడ్డ వలయాన్ని మృదంగం మోత ఆరిపోయేదాకా అలాగే వదిలేశాను.

వాట్సాప్‌లో పంపినంతవరకు బాగుంది. మరుసటి రోజు మా చిన్నమ్మ కూతురు దాన్ని రీల్‌గా పెడుతూ నా ఆడియో తీసేసి యాప్ లైబ్రరీలో ఉన్న అదే పాటను తగిలించింది. పాట మొదలయ్యే చోటును వేలితో జరిపే ఆ పట్టీ ఫ్రేము లెక్కన కదలదు, చూస్తే కోలలన్నీ నాలుగైదు ఫ్రేములు వెనక పడ్డాయి. లైబ్రరీ పాటే కావాలంటే దానికో దారి చెప్పాను. నా ఆడియోను తీసేయకుండా రెండు పాటలూ కలిపి వినాలి. రెండుసార్లు పాడినట్టు వినిపిస్తే తప్పింది. రెండూ కలిసి ఒకే గొంతుగా, కాస్త బోలుగా వినిపించేదాకా పట్టీని జరుపుతూ ఉండాలి. అప్పుడు నా ఆడియో సున్నా చేయాలి. తనకు ఏడెనిమిదిసార్లు జరిపితే గానీ కుదరలేదట.